మరిగే నీటిలో మిగిలిన వేడి లెక్క

కాలిన లోహాన్ని చన్నీటిలో వేస్తే లోహం పోగొట్టుకున్న వేడి, నీరు పుచ్చుకున్న వేడి సమానం. మిశ్రమాల పద్ధతికి ఆధారం ఇదే. ఈ సమీకరణాన్ని కళ్లు మూసుకుని వాడితే మాత్రం ఒక్కోసారి వింత జవాబు వస్తుంది.

600 డిగ్రీల సెల్సియస్ దాకా కాచిన 500 గ్రాముల రాగి ముద్దను 30 డిగ్రీల దగ్గరున్న 100 గ్రాముల నీటిలో వేశారనుకుందాం. ఒక గ్రాము ఒక డిగ్రీ వేడెక్కడానికి రాగికి 0.39 జౌళ్లు, నీటికి 4.2 జౌళ్లు కావాలి. ఈ విలువలతో తుది ఉష్ణోగ్రత కడితే దాదాపు 211 డిగ్రీలు వస్తుంది. మూత బిగించని గిన్నెలో నీరు అంత వేడిగా ఉండదు. కూడికలో తప్పేమీ లేదు. నీరు చివరిదాకా నీరుగానే ఉంటుందన్న ఊహే తప్పు.

అందుకే ముందు లోహం 100 డిగ్రీలకు దిగేదాకా ఎంత వేడి ఇస్తుందో చూడాలి. 500 గ్రాముల రాగి 500 డిగ్రీలు చల్లబడితే 97,500 జౌళ్లు వదులుతుంది. నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 29,400 చాలు. మిగిలిన 68,100 జౌళ్లు నీటిని ఆవిరి చేయడానికి పోతాయి. ఒక్క గ్రాము ఆవిరి కావాలంటే 2,260 జౌళ్ల బాష్పీభవన గుప్తోష్ణం కావాలి కాబట్టి సుమారు 30 గ్రాములు ఆవిరై, 70 గ్రాములు 100 డిగ్రీల దగ్గర మిగులుతాయి. అసలు జవాబు ఇది. ఇక్కడ థర్మామీటరు పెద్దగా చెప్పేదేమీ లేదు, చెప్పాల్సింది తూకమే.

ప్రయోగం చేసి తూచినప్పుడు 27 గ్రాములే తగ్గాయనుకుందాం. రావలసిన ఆవిరిలో 3 గ్రాములు తక్కువ, అంటే 6,800 జౌళ్ల చిల్లర వేడి ఇంకెక్కడికో పోయింది. మొదట అనుమానించాల్సింది గిన్నెనే. అది 80 గ్రాముల రాగి పాత్రయితే 70 డిగ్రీలు వేడెక్కడానికి తానే దాదాపు 2,200 జౌళ్లు తాగేస్తుంది. గిన్నె వాటా లెక్కగట్టదగినది గనుక దాన్ని సమీకరణంలోనే చేర్చాలి. తక్కిన 4,600 జౌళ్లు చుట్టూ ఉన్న గాలికి, బల్లకు పోయినవి. మరుగుతున్న నీరు గది గాలి కంటే ఎంతో వేడిగా ఉంటుంది కాబట్టి ఈ నష్టం ప్రతి నిమిషం పెరుగుతూనే ఉంటుంది. కెలోరీమీటరు చుట్టూ దూది, ఉన్ని లాంటివి కూరేది అందుకే.

తూకం ఒక్కోసారి 30 గ్రాముల కంటే ఎక్కువ తగ్గుదల చూపిస్తుంది. అప్పుడు వేడి ఎక్కడి నుంచో వచ్చిందనుకోనక్కర్లేదు. ఎర్రగా కాలిన ముద్ద నీటిని తాకగానే చిందిన తుంపరలు ఆవిరి కాకుండానే బయటపడతాయి. వాటికి గుప్తోష్ణం ఖర్చు కాలేదు, తూకం మాత్రం తగ్గింది. పైగా రాగి విశిష్టోష్ణం అన్ని ఉష్ణోగ్రతల దగ్గరా ఒకటే కాదు, వేడెక్కేకొద్దీ కొంచెం పెరుగుతుంది. 0.39 అన్నది గది ఉష్ణోగ్రత దగ్గరి విలువ కాబట్టి, 600 డిగ్రీల ముద్ద పుస్తకం చెప్పినదానికంటే కొంత ఎక్కువ వేడే నీటికి ఇస్తుంది.