మార్చి క్యాంపుకు డిసెంబరు తేదీ ఎలా వచ్చింది?

పల్లెల్లో షుగరు, బీపీ పరీక్షలు చేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఉందనుకుందాం. పన్నెండు మండలాల నుంచి నెలనెలా ఎక్సెల్ షీట్లు వస్తాయి. ఒకరు తేదీ ఒక తీరుగా రాస్తారు, ఇంకొకరు వేరే తీరుగా రాస్తారు. ఒకే మనిషి పేరు రెండు షీట్లలో రెండు రకాలుగా ఉంటుంది. వీటన్నిటినీ కలిపి, శుభ్రం చేసి, ఒకే పట్టికగా మార్చడానికి అక్కడి ఉద్యోగి ఒకరు పైథాన్‌లో చిన్న స్క్రిప్ట్ రాశారు. అవసరం పడినప్పుడల్లా దానికి నాలుగు లైన్లు చేరుస్తూ వచ్చారు. ఇప్పుడు ఆయన వేరే ఉద్యోగానికి వెళ్తున్నారు, స్క్రిప్ట్ మరొకరి చేతికి వస్తోంది.

ఇలాంటప్పుడు మామూలుగా మిగిలే నోట్ ఏమిటంటే, 'ఫైళ్లన్నీ ఈ ఫోల్డర్లో పెట్టి clean.py నడపండి, ఇబ్బంది వస్తే ఫోన్ చేయండి.' నడపడం ఎవరైనా రెండు నిమిషాల్లో నేర్చుకుంటారు. చిక్కంతా రెండో వాక్యంలో ఉంది. ఇబ్బంది వచ్చిందని కొత్త మనిషికి ఎలా తెలుస్తుంది?

స్క్రిప్ట్ ఆగిపోయి తెర మీద ఎర్ర అక్షరాలు వస్తే అదృష్టమే. ఏ లైనులో ఆగిందో అదే చెబుతుంది, వెతుక్కోవచ్చు. ఆగకుండా చివరిదాకా నడిచి, చూడ్డానికి చక్కగా ఉన్న తప్పు పట్టికను చేతిలో పెట్టే బగ్గులతోనే ప్రమాదం. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో సరిగ్గా ఇదే జరిగింది. ల్యాబుల నుంచి వచ్చిన కోవిడ్ ఫలితాలను పాత తరహా ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించారు. ఆ ఫైల్లో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగతావి చప్పుడు లేకుండా జారిపోయాయి. అలా 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. వాళ్లను కలిసినవారిని వెతికి హెచ్చరించే పని ఆ మేరకు ఆలస్యమైంది. 'ఈ ఫైలుకు వరుసల పరిమితి ఉంది, వరుసల సంఖ్య పరిమితి దగ్గరికి వస్తే ఆపండి' అనే ఒక్క లైను రాసి పెట్టదగ్గ విషయం అది.

అందుకే తెలిసిన బగ్గులను ఎంత తరచుగా వస్తాయన్న లెక్కన కాక, ఎంత మౌనంగా వస్తాయన్న లెక్కన వరుసలో పెట్టాలని నా అభిప్రాయం. ఆగిపోయేవి చివర్లో ఉన్నా నష్టం లేదు.

మన సంస్థ స్క్రిప్ట్‌లో మొదటి స్థానం తేదీల బగ్గుది. తేదీని చదివే లైను ఇది.

```python
df["date"] = pd.to_datetime(df["date"], errors="coerce")
```

ఎక్కడా తప్పు కనబడదు. కానీ పాండాస్ లైబ్రరీ, మనం చెప్పకపోతే, అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతుంది. మనం మార్చి 5ని 05/03/2023 అని రాస్తే అది మే 3 అనుకుంటుంది. అదే 25/03/2023 వచ్చిందనుకోండి, 25వ నెల లేదు కాబట్టి పాత వెర్షన్లు దాన్ని తిప్పి సరిగ్గా మార్చి 25గా చదువుకునేవి. అంటే ఒకే షీటులో 13 నుంచి 31 వరకు తేదీలు సరిగ్గా ఉంటాయి, 1 నుంచి 12 వరకు తారుమారవుతాయి. మార్చి నెల షీటులో ఆ పన్నెండు తేదీలు జనవరి 3, ఫిబ్రవరి 3 మొదలుకొని డిసెంబరు 3 దాకా చెదిరిపోతాయి. మార్చి 3 ఒక్కటి మాత్రం ఎటు చదివినా అదే కాబట్టి బతికిపోతుంది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో చూడండి. ఏడాది మొత్తం కూడితే అంకె సరిగ్గానే వస్తుంది, ఒక్క మనిషీ తగ్గడు. మార్చి లెక్క మాత్రం పలచబడుతుంది. 'ఆ నెల జనం తక్కువ వచ్చారేమో' అని సరిపెట్టుకుంటారు. పట్టిచ్చే గుర్తు మాత్రం ఒకటుంది. మార్చి షీటును ఒక్కదాన్నే నడిపి చూస్తే, మార్చి కాని తేదీలన్నీ మూడో తేదీ మీదే పడి ఉంటాయి. జూన్ షీటయితే ఆరో తేదీ మీద పడతాయి. ఇంకా జరగని క్యాంపుకు తేదీ వచ్చినా అదే జబ్బు.

2023 ఏప్రిల్‌లో వచ్చిన పాండాస్ 2.0తో ఇదే లైను ప్రవర్తన మారింది. కొత్త వెర్షన్ కాలమ్‌లో మొదట కనబడిన తేదీని చూసి పద్ధతిని ఊహించి, మిగతా అన్నిటికీ అదే వర్తింపజేస్తుంది. మొదటి వరుసలో 25/03/2023 ఉంటే రోజే ముందు అని గ్రహించి, ఒక హెచ్చరిక చూపించి, అన్నీ సరిగ్గా చదువుతుంది. మొదటి వరుసలో 05/03/2023 ఉంటే నెలే ముందు అనుకుంటుంది. అప్పుడు 1 నుంచి 12 వరకు తేదీలు మునుపటిలాగే తప్పుతాయి, 13 నుంచి 31 వరకు చదవలేకపోతుంది. చదవలేనప్పుడు ఆగవద్దు, ఖాళీ వదిలెయ్యి అని `errors="coerce"` చెబుతోంది కాబట్టి ఆ గడులు ఖాళీ అవుతాయి. తర్వాతి లైనులో తేదీ లేని వరుసలను తీసేస్తే ఆ మనుషులే మాయమవుతారు. షీటును పేరు వారీగా సర్దితే ఒక ఫలితం, తేదీ వారీగా సర్దితే ఇంకో ఫలితం వస్తాయి. కొత్త కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ వేసుకున్న వారసుడికి ఇది ఎవరో ఒకరు చెప్పి తీరాలి.

'తేదీల దగ్గర జాగ్రత్త' అని రాస్తే ఇందులో ఏదీ చేరదు. నోట్‌లో ఈ బగ్గు గురించి ఇలా రాయాలి:

'తేదీ తారుమారు. గుర్తు: ఒక నెల షీటులో వేరే నెలల తేదీలు, అన్నీ ఒకే రోజు మీద. పాండాస్ 1.5.3లో చూశాను; 2.0 తర్వాత వరుసలు మాయమవుతాయి కూడా. తాత్కాలిక ఉపాయం: నడిపే ముందు ప్రతి షీటులో తేదీ కాలమ్‌ను ఎక్సెల్‌లో yyyy-mm-dd రూపానికి మార్చి సేవ్ చేస్తాను. గడిలో తేదీ ఎడమ పక్కకు అంటుకుని ఉంటే అది ఎక్సెల్‌కు అక్షరాలే, రూపం మారదు. దాన్ని చేత్తో దిద్దాలి. అసలు మందు format="%d/%m/%Y" ఇవ్వడం. ప్రయత్నించాను, కానీ రెండు మండలాలు ట్యాబ్ నుంచి 2023-03-05 రూపంలో పంపుతున్నాయి, ఆ వరుసలన్నీ ఖాళీ అయ్యాయి. మండలం వారీగా format ఇస్తే సరిపోతుంది, చేయలేదు.'

చివరి మూడు వాక్యాలు నోట్‌లో ఎంతో విలువైనవి. తెలివైన కొత్త ఉద్యోగి మొదటి వారంలోనే ఆ లైను చూసి format చేర్చేస్తారు, బాగు చేశానని సంతోషిస్తారు, రెండు మండలాలు పోతాయి. ఏది ప్రయత్నించామో, ఎక్కడ విఫలమైందో రాయకపోతే మనం పడిన గుంటలోనే వారూ పడతారు. ఉపాయానికి అయ్యే ఖర్చు కూడా రాయాలి. ఇక్కడ ఖర్చు మనిషి చేతిపని, ఒక్క షీటు మరిచిపోతే బగ్గు తిరిగొస్తుంది. రెండు మండలాల తీరు మారిన రోజున ఈ ఉపాయం అక్కర్లేదన్న సంగతీ నోట్‌లోనే ఉండాలి, లేకపోతే ఎందుకు చేస్తున్నారో తెలియకుండానే ఏళ్ల తరబడి చేస్తూ ఉంటారు.

రెండో బగ్గు చిన్నదే, కానీ మనుషుల్ని మింగుతుంది. షీట్లలో 14 అంకెల ఆభా నంబరు ఉంటుంది. అంత పొడుగు సంఖ్యను ఎక్సెల్ మామూలు గడిలో 9.12346E+13 లాగా కుదించి చూపిస్తుంది. ఆ స్థితిలో సీఎస్‌వీగా సేవ్ చేస్తే కనబడుతున్నదే ఫైల్లోకి వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి. మొదటి అంకెలు కలిసిన వేర్వేరు మనుషులకు ఒకే నంబరు వస్తుంది. తర్వాత `drop_duplicates` ఒకే నంబరున్న వరుసల్లో మొదటిదాన్ని ఉంచి మిగతావి తీసేస్తుంది. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి `E+13` కోసం వెతికితే ఇది దొరుకుతుంది. స్క్రిప్ట్‌లో దీనికి మందు లేదు, ఎందుకంటే స్క్రిప్ట్ దాకా వచ్చేసరికే అంకెలు లేవు. మండలాన్ని అడిగి షీటు మళ్లీ తెప్పించుకోవాల్సిందే. ఎవరిని అడగాలో నోట్‌లో ఉండాలి, హోదా పేరుతో.

ఇక లేని టెస్టుల సంగతి. చాలామంది ఈ భాగం రాయడానికి మొహమాటపడతారు, పని సగంలో వదిలినట్టు ఉంటుందని. నేనైతే బగ్గుల కన్నా దీన్నే శ్రద్ధగా చదువుతాను. బగ్గుల భాగం చూసిన చోట్ల గురించి చెబుతుంది. ఈ భాగం ఎవరూ చూడని చోట్లను చూపిస్తుంది. 'టెస్టులు లేవు' అంటే సరిపోదు, ఏ ప్రశ్నకు జవాబు తెలియదో రాయాలి. ఉదాహరణకు జిల్లాల పట్టిక. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. స్క్రిప్ట్‌లోని మండలం–జిల్లా పట్టిక ఎప్పటిది? ఆ తేదీకి ముందు క్యాంపులు ఏ జిల్లా కింద పడుతున్నాయి? పట్టికలో లేని మండలం వస్తే 'ఇతర' కింద వేస్తోందా, ఆగుతోందా? ఇవి పరీక్షించలేదని మూడు వాక్యాల్లో రాస్తే, వారసుడు మొదట ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది.

అన్ని టెస్టులూ రాసే సమయం వెళ్లిపోయేవారికి ఉండదు. రెండు లైన్లు మాత్రం చేర్చి వెళ్లవచ్చు.

```python
assert len(out) + len(rejected) == len(raw)
assert out["date"].max() <= pd.Timestamp.today()
```

వచ్చిన వరుసలన్నీ పట్టికలోనో, తీసేసిన వాటి జాబితాలోనో ఉండాలని మొదటిది అడుగుతుంది. ఇది పనిచేయాలంటే తీసేసిన వరుసలను పారేయకుండా, కారణంతో సహా వేరే ఫైల్లో దాచాలి. భవిష్యత్తు తేదీలు ఉండకూడదని రెండోది అడుగుతుంది. తేదీల బగ్గు మొత్తాన్నీ ఇది పట్టదు, మార్చి 5 మే 3గా మారి, ఆ మే 3 కూడా గడిచిపోయి ఉంటే నోరు మెదపదు. ఆ పరిమితి కూడా నోట్‌లో రాయాలి.

వీటితో పాటు ఒక నెల ఇన్‌పుట్‌ను, దానికి ఈ రోజు స్క్రిప్ట్ ఇచ్చే ఫలితాన్ని పక్కపక్కన దాచి ఇస్తే మంచిది. కోడ్ మార్చిన ప్రతిసారీ కొత్త ఫలితాన్ని దానితో పోల్చవచ్చు. ఇలాంటి దాన్ని మైకేల్ ఫెదర్స్ 2004లో పాత కోడ్ మీద రాసిన పుస్తకంలో క్యారెక్టరైజేషన్ టెస్ట్ అన్నారు. స్క్రిప్ట్ ఎలా ఉండాలో కాక, ఎలా ఉందో ఇది పట్టి ఉంచుతుంది. అంటే తప్పులనూ పట్టి ఉంచుతుంది. అందుకని దాచిన ఫలితంలో ఏ వరుసలు తప్పని తెలుసో పక్కనే గుర్తు పెట్టాలి. అసలు రోగుల పేర్లు, నంబర్లు ఆ నమూనాలోకి రానివ్వకూడదు. వరుసల ఆకారం, తప్పుల తీరు అలాగే ఉంచి పేర్లు, నంబర్లు కల్పించి పెట్టాలి.

నోట్‌ను మెయిల్‌లో పంపి వదిలేయకండి. `README.md` పేరుతో స్క్రిప్ట్ పక్కనే ఉంచండి, రాసిన తేదీ వేయండి, `pip freeze` ఇచ్చే వెర్షన్ల జాబితాను జత చేయండి. వెళ్లే ముందు వారంలో కొత్త మనిషిని కూర్చోబెట్టి, ఆ నోట్ ఒక్కటే చూస్తూ ఒక నెల డేటా శుభ్రం చేయమనండి. పక్కనే ఉండండి, కానీ జవాబులు చెప్పకండి. వారు అడిగిన ప్రతి ప్రశ్ననూ రాసుకుని, దాని జవాబును ఆ రోజే నోట్‌లో చేర్చండి.