ఆరుగురి పులిహోర 48 మందికి: లెక్క బియ్యంతో మొదలు

పట్నంలోని అక్కో చెల్లెలో వంటల పుస్తకంలో పేజీని సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పంపితే, దాన్ని చూసి ఊళ్ళో శుభకార్యానికి వండడం ఇప్పుడు మామూలైంది. పేజీలో లెక్క ఆరుగురికి వుంటుంది. సీమంతానికి వేయాల్సిన విస్తళ్ళు 48. అన్నిటినీ ఎనిమిదితో హెచ్చవేస్తే సరిపోతుందనుకున్న చోటే పులిహోర చెడుతుంది.

ముందు ఫొటోను సరిగా చదువుకోవాలి. పుస్తకం మడత దగ్గర అంకెలు వంగి, ½ కాస్తా 2 లాగా కనిపిస్తుంది. 600 గ్రాముల బియ్యానికి 2 చెంచాల ఇంగువ అని కనిపిస్తే అది అరచెంచాయే అయివుంటుంది. అనుమానం తీరకపోతే ఆ పేజీని మళ్ళీ తీసి పంపమనడం మేలు.

తర్వాత మనుషుల్ని కాదు, బియ్యాన్ని లెక్కించాలి. పులిహోర ఒక్కటే తింటే మనిషికి 100 గ్రాముల బియ్యం పడుతుంది. పుస్తకంలోని 600 గ్రాములు అలాంటి లెక్కే. సీమంతం విస్తట్లో గారెలు, పరమాన్నం, కూర, పెరుగన్నం కూడా వుంటాయి కనుక మనిషికి 50 గ్రాములు చాలు. 48 మందికి 2 కిలోల 400 గ్రాములు. అంటే పుస్తకం లెక్కకు ఎనిమిది రెట్లు కాదు, నాలుగు రెట్లే.

ఇక మిగతావి బియ్యం వెంట నడుస్తాయి. చింతపండు 60 గ్రాములుంటే 240 గ్రాములు. ఉప్పు 3 చెంచాలుంటే 12 చెంచాలు, మెత్తని ఉప్పయితే సుమారు 70 గ్రాములు. కల్లుప్పు చెంచాలో తక్కువ తూగుతుంది కాబట్టి తూచి వేయడమే మంచిది. నూనె 6 పెద్ద చెంచాలంటే 90 మిల్లీలీటర్లు. నాలుగు రెట్లు 360 అయినా మొదట 300 పోసి, చాలకపోతే కలపవచ్చు. కారం, ఇంగువ మాత్రం పూర్తిగా నాలుగు రెట్లు వద్దు. 6 పచ్చిమిరపకాయలకు 18, అరచెంచా ఇంగువకు చెంచాన్నర చాలు.

హెచ్చవేయకూడనిది కాలం. పులుసు పది నిమిషాలు ఉడకాలని పుస్తకంలో వుంటే నలభై నిమిషాలని కాదు. పులుసు చిక్కబడి, అంచున నూనె తేలిందా అన్నదే గుర్తు. పెద్ద గిన్నెలో నీరు ఇగిరేది తక్కువ కనుక, ఎసరు కూడా రెట్టింపు కాక కొంచెం తగ్గించాలి. లేకపోతే అన్నం ముద్దవుతుంది. గంజి వార్చే వారికి ఈ చిక్కు లేదు.

ఉప్పు వేసి ఉడికించిన పులుసులో అయిదో వంతు పక్కన వుంచుకుని, మిగిలింది ఆరబెట్టిన అన్నంలో కలపాలి. పావుగంట ఆగి రుచి చూడాలి. చప్పగా వుంటే పక్కన వుంచింది కలపవచ్చు. ఎక్కువైన పులుపును, ఉప్పును తీయడానికి మాత్రం మళ్ళీ అన్నం వండి కలపడం తప్ప దారి లేదు.