వయసు కుదరని కణం

యాభై దాటిన శాకాహారి ఒకాయన నీరసమని డాక్టరు దగ్గరకు వెళ్లాడనుకుందాం. హిమోగ్లోబిన్ 5.2 ఉంది. తెల్లకణాలు 2,800, ప్లేట్‌లెట్లు 60 వేలు. మూడూ పడిపోయాయి కాబట్టి బోన్ మారో టెస్టు చేయాలన్నారు. ఇంట్లో వాళ్లు బ్లడ్ క్యాన్సరేమోనని బెంబేలెత్తిపోయారు. ఆ భయం పూర్తిగా అర్థం లేనిదీ కాదు, ఎందుకంటే లుకేమియాలోనూ అంకెలు ఇలాగే ఉండొచ్చు. తేడా తెలియాలంటే కణాలు పుట్టే చోటికే వెళ్లి చూడాలి.

ఆయన్ను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నడుము కింద తుంటి ఎముక వెనక భాగంలో మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. గట్టి సూదిని ఎముక లోపలికి దించి, సిరంజితో మూలుగను లాగుతారు. గుచ్చినప్పటికంటే లాగిన క్షణంలోనే ఎక్కువ జివ్వుమంటుంది. స్లైడ్ల కోసం తీసేది అర మిల్లీలీటరులోపే. ఆశపడి ఎక్కువ లాగితే రక్తం కలిసి మూలుగ పలుచబడిపోతుంది. గాజు పలక మీద సన్నటి రేణువులు కనిపిస్తేనే మంచి మచ్చు దొరికినట్టు. దాన్ని పలుచగా పరిచి, ఆరబెట్టి, మన ల్యాబుల్లో ఎక్కువగా లీష్మన్ రంగు వేస్తారు.

ఇక మైక్రోస్కోపు కింద చూడాల్సింది కణం వయసు. పుట్టబోయే ఎర్రకణం మొదట పెద్దగా, మామూలు ఎర్రకణానికి రెండింతలుంటుంది. దాదాపు కణమంతా కేంద్రకమే. అందులోని క్రోమాటిన్ సన్నటి అల్లికలా ఉంటుంది, చుట్టూ ఉన్న ద్రవం ముదురు నీలం. ఆ నీలం ఆర్‌ఎన్‌ఏది, అంటే హిమోగ్లోబిన్ తయారీకి సరంజామా సిద్ధమవుతోందన్నమాట. తర్వాత కణం విభజన చెందుతూ చిన్నదవుతుంది, క్రోమాటిన్ ముద్దలు కడుతుంది. హిమోగ్లోబిన్ చేరేకొద్దీ నీలంలో గులాబీ కలిసి బూడిదరంగు వస్తుంది. చివరికి ద్రవమంతా గులాబీ అయ్యేసరికి కేంద్రకం సిరా చుక్కలా నల్లగా ముడుచుకుపోతుంది. కణం దాన్ని బయటికి నెట్టేస్తుంది, పక్కనే ఉన్న మాక్రోఫేజ్ దాన్ని మింగేస్తుంది. ఒక్క తొలి కణం నుంచి నాలుగు విభజనల్లో దాదాపు 16 ఎర్రకణాలు వస్తాయి. ఇదంతా జరగడానికి వారం రోజులు పడుతుంది. స్లైడు మీద మాత్రం అన్ని వయసులవాళ్లూ ఒకే ఫొటోలో పక్కపక్కన నిలబడి ఉంటారు.

ఆరోగ్యవంతుడిలో కేంద్రకమూ ద్రవమూ కలిసే ముదురుతాయి. ద్రవం గులాబీ అయితే కేంద్రకం నల్లబడి ఉండాలి. మన రోగి స్లైడులో ఆ లెక్క తప్పింది. ద్రవం గులాబీకి వచ్చేసింది, కేంద్రకం మాత్రం ఇంకా లేతగా, జల్లెడలా ఉంది. పైగా కణాలు ఉండాల్సిన దానికంటే పెద్దవి. వీటినే మెగలోబ్లాస్టులంటారు. 1880లో పాల్ ఎర్లిచ్ పెట్టిన పేరిది.

కారణం విటమిన్ బీ12 లేదా ఫోలిక్ యాసిడ్ లోపం. అవి లేనిదే డీఎన్‌ఏ సరిగా తయారుకాదు, విభజన ఆలస్యమవుతుంది. హిమోగ్లోబిన్ తయారీ మాత్రం ఆగదు. అందుకే కణం విడిపోలేక లావెక్కుతుంది. చాలా కణాలు మూలుగలోనే చచ్చిపోతాయి. మూలుగ నిండా కణాలున్నా రక్తంలో లేకపోవడానికి కారణమిదే. తెల్లకణాల వరుసలోనూ ఇదే తంతు: మెటామైలోసైట్లనే నడివయసు కణాలు రాక్షసాకారంలో కనిపిస్తాయి.

ఈ కథలో మన దేశపు వంతు పెద్దదే. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్, గర్భిణుల్లో ఇలాంటి రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని గమనించింది. అందులోని పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1940లలో అమెరికాలోని లెడర్లీ ల్యాబులో దాన్ని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకునే మందులూ ఆ ల్యాబు నుంచే వచ్చాయి. పిల్లల లుకేమియాకు సిడ్నీ ఫార్బర్ వాడినది వాటినే.

చిక్కు ఎక్కడంటే, లేత మెగలోబ్లాస్టులు మూలుగ నిండా ఉన్నప్పుడు, అనుభవం చాలని కన్ను వాటిని లుకేమియా కణాలని పొరబడగలదు. అప్పుడు ముదురు కణాల వైపు చూడాలి. గులాబీ ద్రవంలో లేత కేంద్రకం, దాని పక్కనే రాక్షస మెటామైలోసైట్లు కనిపిస్తే ముందు విటమిన్ల స్థాయి చూడమంటారు. మన రోగికి బీ12 బాగా తక్కువని తేలింది. ఇంజెక్షన్లు మొదలయ్యాక వారంలోపే రక్తంలో లేత ఎర్రకణాలు పెరిగాయి. ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇచ్చినా రక్తం కొంత కోలుకునేది కానీ, బీ12 లేక నరాలకు జరిగే నష్టం లోలోపల సాగిపోయేది.

ఇంకో జాగ్రత్త ఉంది. నీరసానికని ఎవరో ముందే బీ12 సూది వేసి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. ఒకటి రెండు రోజుల్లోనే మూలుగలోని ఎర్రకణాల వరుస మామూలు రూపానికి వచ్చేస్తుంది, స్లైడు చూసినవాళ్లకు అసలు జబ్బు కనబడకపోవచ్చు. రాక్షస మెటామైలోసైట్లు మాత్రం మరికొన్ని రోజులు మిగిలి ఉంటాయి.