‘వాపసు తీసుకోబడదు’ అంటే చెల్లుతుందా?

మంగళగిరి చీరలు ఇంటి నుంచి అమ్మే ఒకావిడ సొంత వెబ్‌సైటు పెట్టుకున్నారనుకుందాం. పేజీ అడుగున ఎర్రక్షరాల్లో ఒకే వాక్యం: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ బట్టల కొట్టు బిల్లుల మీద చిన్నప్పటినుంచీ చూసిన మాటేగా, అదే తనకు రక్ష అనుకున్నారు.

ఆ మాటకు అంత బలం లేదు. సరుకులో లోపమున్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, చెప్పిన గడువు దాటి చేరినా వెనక్కి తీసుకోనని అమ్మేవారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. వరదలూ తుపానుల లాంటివి అడ్డొచ్చి ఆలస్యమైతే మాత్రం మినహాయింపు ఉంది. ఇంట్లో కూర్చుని అమ్మినా, అది క్రమంగా సాగే వ్యాపారమైతే ఇవి వర్తిస్తాయి.

మరి ఆవిడకు రక్షణ ఎక్కడుంది? లోపమంటే ఏమిటో ముందే చెప్పడంలో ఉంది. ఉదాహరణకు ఇలా రాయొచ్చు: ‘పోగు ముడులు, నేతలో చిన్న హెచ్చుతగ్గులు మగ్గం పనిలో సహజం. చిరుగు, మరక ఉన్నా, వేరే చీర వచ్చినా 7 రోజుల్లో ఫొటో పంపండి. తిరుగు కొరియర్ ఖర్చు మాదే. నచ్చలేదని మార్చుకోవాలంటే ఆ ఖర్చు మీది. ఫాల్, పికో చేయించాక నచ్చలేదంటే మార్చలేం.’ ముడి కనబడే దగ్గరి ఫొటో ఒకటి చీర పక్కనే పెడితే ఇంకా మంచిది. అడుగున దాచిన షరతును ఎవరూ చదవరు, వివాదం వచ్చినప్పుడు అది అమ్మినవారికి పెద్దగా అక్కరకూ రాదు.

షిప్పింగ్ పేజీలో చిక్కంతా తేదీ దగ్గరే. ‘3 రోజుల్లో’ అని ఉత్సాహంగా రాస్తే అదే గడువైపోతుంది. ‘పద్నాలుగున పెళ్లి, అందుతుందా అండీ?’ అని వాట్సాప్‌లో అడిగేవారికి కావలసింది లెక్క. ఆర్డరు నుంచి 2 పనిదినాల్లో పంపుతాం, ఫాల్ కుట్టించాలంటే మరో 3, కొరియర్‌కు 4 నుంచి 6, అంటే ఎక్కువలో ఎక్కువ 11 రోజులు, ఆదివారాలు అదనం. ఇలా విడగొడితే కొనేవారు తమ తేదీతో పోల్చుకుంటారు. తరచూ అడిగే ప్రశ్నలు ఊహించి రాయనక్కర్లేదు. గత 50 ఆర్డర్ల వాట్సాప్ సంభాషణలు తిరగేస్తే అవే బయటపడతాయి. కానీ ఇక్కడ 7 రోజులని, నిబంధనల పేజీలో 3 రోజులని ఉంటే, ఆ గజిబిజి రాసినవారి మెడకే చుట్టుకుంటుంది.

‘వివాదాలన్నీ గుంటూరు కోర్టులోనే’ అనే వాక్యాన్ని వేరే సైటు నుంచి ఎత్తి అతికిస్తుంటారు. 2019 చట్టం ప్రకారం కొన్నవారు తామున్న చోటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించొచ్చు. ఆ వాక్యం కన్నా ఫిర్యాదులు చూసే మనిషి పేరు, ఫోను నంబరు ఇవ్వడం మేలు. ఎలాగూ తప్పనిసరే. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

షరతులు మార్చిన ప్రతిసారీ పేజీ పైన తేదీ వేసి, పాత ప్రతిని పీడీఎఫ్‌గా దాచుకోవాలి. మార్చిలో కొన్న చీరకు జూన్‌లో రాసిన షరతు వర్తించదు.