వైవాలో పరిమితుల స్లైడు

బీటెక్ చివరి ఏడాదిలో టమాటా ఆకు ఫొటో చూసి తెగులు చెప్పే ప్రోగ్రామ్ చేశారనుకుందాం. లక్ష్యానికి ఒక్క వాక్యం చాలు. పద్ధతి స్లైడులో శిక్షణకు, పరీక్షకు ఫొటోలను ఎలా విడదీశారో చెప్పాలి. ఒకే ఆకు ఫొటోలు రెండువైపులా పడితే కచ్చితత్వం ఉత్తుత్తినే పెరుగుతుంది. ఫలితాల్లో శాతం ఒక్కటే కాదు, ఏ తెగులును దేనిగా పొరబడిందో పట్టిక కూడా ఉండాలి.

ఇక పరిమితులు. చాలామంది ‘సమయం చాలలేదు’ అని రాసి దాటేస్తారు; అది పరిమితి కాదు, సాకు. ప్లాంట్‌విలేజ్ ఫొటోలపై 99.35 శాతం సాధించిన పరిశోధకులే, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలపై అది దాదాపు 31 శాతానికి పడిపోయిందని 2016లో రాశారు. మీ ప్రోగ్రామ్‌నూ పొలంలో తీసిన యాభై ఫొటోలపై నడపండి. వచ్చిన అంకె ఎంత తక్కువైనా ఆ స్లైడులో పెట్టండి.