చివరి పనిరోజు ఏది?

ప్రాజెక్టు అయిపోయిందని కాంట్రాక్టు ఉద్యోగిని పంపించేటప్పుడు, చేతికిచ్చే ఉత్తరంలో ముందుగా చూడాల్సింది చివరి పనిరోజు. నోటీసు సరిపోయిందా, జీతం ఎన్ని రోజులకు, గ్రాట్యుటీ ఎంత అన్నవన్నీ ఆ ఒక్క తేదీ నుంచే తేలతాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రోడ్డు విస్తరణ పనిలో ఒకాయన్ని కంపెనీ నేరుగా స్టోర్ కీపర్‌గా పెట్టుకుంది. జీతం నెలకు 26,000. లెక్క తేలిగ్గా ఉండటానికి అదంతా బేసిక్, డీఏ అనుకుందాం. ‘మూడేళ్లు లేదా ప్రాజెక్టు పూర్తయ్యే వరకు, ఏది ముందైతే అంతవరకు’ అని కాంట్రాక్టులో ఉంది. మూడేళ్లు నిండకముందే ముగిస్తే 30 రోజుల నోటీసు ఇవ్వాలి, లేదా తగ్గిన రోజులకు జీతం కట్టివ్వాలి. జులై 1న చేరాడు. సరిగ్గా రెండేళ్లకు, జూన్ 30న సైట్ మూసేస్తున్నారు.

ఉత్తరం మీద తేదీ జూన్ 1 అని ఉంది. ఆయన చేతికి అందింది మాత్రం 8న. పేచీ ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. నోటీసు అంటే మనిషికి తెలియజేయడం కాబట్టి, అందిన రోజు నుంచే లెక్కపెట్టాలి. 9 నుంచి 30 వరకు 22 రోజులే. ఎనిమిది రోజులు తక్కువ. కంపెనీ చివరి తేదీని జులై 8కి జరపాలి, లేదంటే ఆ ఎనిమిది రోజుల డబ్బు ఇవ్వాలి. అందుకే ఉత్తరం తీసుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు పక్కన అందిన తేదీ కూడా వేయాలి.

ఉత్తరం పొడుగ్గా ఉండనక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

‘మీ నియామక ఉత్తరంలోని ఫలానా నిబంధన ప్రకారం, ప్రాజెక్టు పూర్తయినందున మీ సేవలు జూన్ 30న ముగుస్తాయి. నోటీసులో తగ్గిన 8 రోజులకు జీతం చెల్లిస్తాం. సెటిల్మెంట్ లెక్క దీనితో జతచేశాం. అనుభవ ధృవపత్రం అదే రోజు ఇస్తాం. మీ పనిలో లోపం వల్ల తీసుకున్న నిర్ణయం కాదిది.’

ఆఖరి వాక్యం మర్యాద కోసం మాత్రమే కాదు. రేపు ఇంకోచోట ఉద్యోగానికి వెళితే, ఎందుకు మానేశారని అడిగినవాళ్లకు చూపించడానికి ఆయన దగ్గరుండే కాగితం అదే.

ఇక డబ్బు. జూన్ జీతం 26,000. తగ్గిన ఎనిమిది రోజులకు, నెలకు 30 రోజుల చొప్పున, 6,933. వాడుకోని సెలవులు 14 మిగిలాయి. ఈ కంపెనీ నిబంధనల్లో సెలవు జీతాన్ని 26తో భాగిస్తారు కాబట్టి రోజుకు వెయ్యి, మొత్తం 14,000. గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం, అంటే 15,000, రెండేళ్లకు 30,000. మొత్తం 76,933. ఇందులోంచి పీఎఫ్ (15,000 పరిమితి మీద కడుతుంటే) 1,800, వృత్తి పన్ను 200 పోతే చేతికి 74,933 రావాలి.

ఐదేళ్లు నిండందే గ్రాట్యుటీ రాదు కదా అని చాలామంది వదిలేసుకుంటారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసుంటే చాలు. జీతం బకాయిలు రెండు పనిదినాల్లో ఇవ్వాలని కూడా వేతనాల కోడ్ చెబుతోంది. గ్రాట్యుటీకి 30 రోజుల గడువుంది. ‘సెటిల్మెంట్‌కి 45 రోజులు పడుతుంది’ అనేది ఆఫీసుల అలవాటే తప్ప చట్టం కాదు.

కొన్నిచోట్ల ఉత్తరం ఇవ్వకుండా ‘నువ్వే రాజీనామా రాసివ్వు, డబ్బు తొందరగా వస్తుంది’ అంటారు. రాసిస్తే, తనంతట తానే మానేసినట్టవుతుంది; కంపెనీ ఇవ్వాల్సిన నోటీసు జీతం అడగడానికి ఆధారం పోతుంది. అంకెలు లేని కాగితం మీద ‘నాకు రావాల్సిందేమీ లేదు’ అని సంతకం పెట్టించుకోవడం ఇంకా అన్యాయం. లెక్క చూసి, డబ్బు ఖాతాలో పడ్డాకే ఆ సంతకం పెట్టాలి.

ఇదంతా కాంట్రాక్టు గడువు నడుస్తున్నవాళ్ల సంగతి. గడువు ఎప్పుడో దాటిపోయి, కొత్త కాగితం లేకుండానే పని చేయించుకున్నారనుకోండి, అప్పుడు కంపెనీ ‘కాంట్రాక్టు ముగిసింది’ అనడం అంత తేలిక కాదు. కార్మికుడి కిందికి వచ్చే మనిషి ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉంటే, అది రిట్రెంచ్‌మెంట్ అని వాదించవచ్చు. అలా తేలితే నెల నోటీసుతో పాటు, గ్రాట్యుటీకి అదనంగా ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారంగా రావాలి. లేబర్ కాంట్రాక్టర్ ద్వారా చేరినవాళ్లకైతే ఉత్తరమూ లెక్కా ఇవ్వాల్సింది కాంట్రాక్టరే. అతను జీతాలు ఎగ్గొడితే అసలు కంపెనీ కట్టాలి.

డబ్బు అందాక పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ చూసుకోవాలి. ఉత్తరంలోని చివరి పనిరోజే అక్కడా ఉండాలి. కంపెనీ ఆ తేదీ ఎక్కించకపోతే విత్‌డ్రాయల్ ఆగిపోతుంది. అలాంటప్పుడు ఆఖరి పీఎఫ్ జమ అయిన నెల తర్వాత రెండు నెలలు ఆగి, ఉద్యోగే యూఏఎన్‌తో లాగిన్ అయి Mark Exit దగ్గర తేదీ నమోదు చేసుకోవచ్చు.