సరఫరాదారుల జాబితాలో చోటడిగే మెయిల్

విశాఖ ఆటోనగర్‌లో రబ్బరు గాస్కెట్లు చేసే ఓ చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఒక ప్రభుత్వరంగ సంస్థ కొనుగోళ్ల విభాగానికి దాని యజమాని మెయిల్ రాయాలి. మొదటి చిత్తులో "నాణ్యతే మా ధ్యేయం" లాంటి మాటలతో పేజీ నిండింది. ఏ వస్తువు చేస్తారో మాత్రం అందులో లేదు.

తిరగరాసిన మెయిల్ ఇలా ఉంది:

"అయ్యా, మాది 2014 నుంచి నడుస్తున్న సూక్ష్మ తయారీ యూనిట్. పంపులకు, వాల్వులకు నైట్రైల్ రబ్బరు గాస్కెట్లు 600 మిల్లీమీటర్ల వ్యాసం వరకు చేస్తాం. ఈ వస్తువుకు మమ్మల్ని మీ సరఫరాదారుల జాబితాలో చేర్చుకోవలసిందిగా కోరుతున్నాం. దరఖాస్తు పోర్టల్లోనే చేయాలంటే లింకు తెలపగలరు. పత్రాలు జతచేశాం. తనిఖీకి ఎప్పుడు వచ్చినా యూనిట్ చూపిస్తాం."

కింద పత్రాల జాబితా, ఫైళ్ల పేర్లతో సహా:

`01_Udyam.pdf` – ఉద్యమ్ సర్టిఫికెట్
`02_GST_PAN.pdf` – జీఎస్టీ, పాన్
`03_Bank.pdf` – రద్దు చేసిన చెక్కు
`04_Turnover.pdf` – మూడేళ్ల టర్నోవర్‌కు సీఏ ధ్రువపత్రం
`05_Orders.pdf` – పాత ఆర్డర్లు, సరుకు అందినట్టు పత్రాలు
`06_Machines_Tests.pdf` – యంత్రాల జాబితా, ల్యాబ్ రిపోర్టులు

ఈ జాబితాకు ఓ ఆధారం ఉంది. జెమ్ పోర్టల్లో దొరకని వస్తువులకు కేంద్ర శాఖలు తమ జాబితా పెట్టుకోవచ్చని 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 150వ నిబంధన చెబుతుంది. చేర్చుకునే ముందు తయారీ సామర్థ్యం, నాణ్యత, గత పనితీరు, ఆర్థిక స్థితి చూడాలనీ అంటుంది. ప్రభుత్వరంగ సంస్థలకు సొంత నిబంధనలున్నా, అడిగేవి దాదాపు ఇవే.

దరఖాస్తులు ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గర. జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉండేది పాన్ నంబరే. రెండూ పక్కపక్కన పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. సొంతదారు సంస్థకు పాన్ యజమాని పేరిట ఉంటుంది, బోర్డు మీద వ్యాపారం పేరు ఉంటుంది. మెయిల్లో రెండూ రాయకపోతే ఇవి ఇద్దరివా అన్న సందేహం వస్తుంది. చెక్కు మీది పేరూ వీటితో కలవాలి.

ఉద్యమ్‌లో ఏ పని నమోదైందో కూడా చూసుకోవాలి. 2021 నుంచి వ్యాపారులకూ ఉద్యమ్ ఇస్తున్నారు కానీ, అది ప్రాధాన్య రంగ రుణాల వరకే. తయారుచేసే యూనిట్ పొరపాటున 'ట్రేడింగ్' అని నమోదైతే, సూక్ష్మ, చిన్న సంస్థలకు కొనుగోలు విధానం ఇచ్చే ధరావతు మినహాయింపు దక్కదు. మెయిల్ పంపకముందే పోర్టల్లో సరిదిద్దుకోవాలి.

జాబితాలో చేరినంత మాత్రాన ఆర్డరు రాదు. ఆ వస్తువుకు పరిమిత టెండరు పిలిచినప్పుడు విచారణ లేఖ అందుతుంది, అంతే. కేంద్ర నిబంధన ప్రకారం ఈ నమోదు వస్తువును బట్టి ఏడాది నుంచి మూడేళ్ల వరకే చెల్లుతుంది. గడువు తీరేలోగా పునరుద్ధరణకు దరఖాస్తు చేయాలి.